ఏప్రిల్ 2 ఉదయం అమ్మకాల లెక్కలు ఎందుకు ఆలస్యమయ్యాయి, ఏం సరిచేశాం

ఫైనాన్స్ మేనేజర్లందరికీ:

ఉదయం 7 గంటలకు మీ చేతిలో ఉండాల్సిన ఏప్రిల్ 1 అమ్మకాల లెక్కలు 10:40కి గానీ రాలేదు. రాత్రి సింక్ ఫెయిలైందని ఒక్క ముక్కలో చెప్పి ఊరుకోవచ్చు. కానీ ఆ సింక్ మా నిర్లక్ష్యం వల్లే ఫెయిలైంది.

కొత్త ఆర్థిక సంవత్సరం నుంచి బిల్లు నంబర్ల సిరీస్ మారుతుందని మార్చి సమావేశంలో మీరే చెప్పారు. మా టీమంతా అక్కడే ఉంది. తలూపాం. అది అకౌంట్స్ వాళ్ల సంగతిలే అనుకున్నాం. పాత నంబరు `HYD07-004512`, అంటే 12 అక్షరాలు. కొత్తది `HYD07/25/000001`, 15 అక్షరాలు. హెడ్డాఫీసు డేటాబేస్‌లో బిల్లు నంబరు గడికి మేం ఇచ్చిన చోటు 12 అక్షరాలకే. జీఎస్టీ నిబంధన ప్రకారం బిల్లు నంబరు 16 అక్షరాల వరకు ఉండొచ్చు. ఆ గడి కట్టిన రోజున ఆ నిబంధన తెరిచి చూసిన వాళ్లు మాలో ఒక్కరూ లేరు.

రాత్రి మొదటి షాపు మొదటి బిల్లుకే ఈ ఎర్రర్ వచ్చింది:

```
ERROR: value too long for type character varying(12)
```

షాపులన్నిటి బిల్లులూ ఒకే కట్టగా ఎక్కుతాయి కాబట్టి మొత్తం కట్ట వెనక్కి పోయింది. సగం సగం లెక్కలు రాకపోవడం ఒక్కటే మేలు. జాబ్ దానంతటదే మళ్లీ మళ్లీ ప్రయత్నించి ప్రతిసారీ అదే గోడకు తగిలింది. హెచ్చరిక మెయిల్ వచ్చింది కూడా. అందరిదీ అయిన మెయిల్‌బాక్స్‌కి వచ్చింది గనుక ఎవరూ తెరవలేదు.

మమ్మల్ని ఎక్కువగా సిగ్గుపడేలా చేసింది వేరే ఉంది. రిపోర్టు ఖాళీగా రాలేదు. డేటాబేస్‌లో ఉన్న చివరి రోజు, అంటే మార్చి 31 అమ్మకాలనే మళ్లీ చూపించింది. పైన మాత్రం ఏప్రిల్ 2 తేదీ వేసుకుంది, ఎందుకంటే అక్కడ మేం పెట్టింది రిపోర్టు తయారైన సమయం, లెక్కలు ఏ రోజువో కాదు. నిన్నటి మొత్తం, ఇవాళ్టి మొత్తం రూపాయితో సహా ఒకటే ఎలా అయ్యాయని మీలో ఒకరు ఫోన్ చేసేదాకా మాకు తెలియనే లేదు.

ఆ గడిని 16 అక్షరాలకు పెంచి బిల్లులన్నీ మళ్లీ ఎక్కించాం. ప్రతి షాపు మొత్తాన్నీ ఆ షాపు రాత్రి క్లోజింగ్ మొత్తంతో సరిచూశాకే రిపోర్టు విడుదల చేశాం. ఇకపై రిపోర్టు తలమీద ‘ఏ రోజు వరకు అమ్మకాలు’ అన్నది కనిపిస్తుంది. లెక్క రాని షాపు దగ్గర సున్నాకు బదులు ‘రాలేదు’ అని ఉంటుంది. హెచ్చరిక ఆ రాత్రి డ్యూటీలో ఉన్న మనిషి ఫోన్‌కే వెళ్తుంది. అయినా తెల్లవారుజామున సింక్ ఆగితే 7 గంటలకల్లా మళ్లీ ఎక్కించగలమని మాట ఇవ్వలేం. ఆలస్యమవుతుందన్న కబురు మాత్రం 7 లోపే మీకు చేరుస్తాం.

ఏప్రిల్ 2న 7 నుంచి 10:40 మధ్య డౌన్‌లోడ్ చేసిన ఫైళ్లను దయచేసి తీసేయండి. వాటితో బ్యాంకు జమలు సరిచూసి ఉంటే, కొత్త ఫైలుతో మరోసారి చూసుకోండి.

- సేల్స్ డేటా టీమ్