మనుషుల జాబితా లేదు సరే, పొలాల జాబితా ఉందిగా!

కౌలు రైతుల మీద సర్వే అనగానే మన పరిశోధకులు చెప్పే మాట ఒకటే: "కౌళ్లన్నీ నోటిమాటవి, జాబితా ఎక్కడుంది? దొరికినవాళ్లను అడిగి రాసుకోవడమే." జాబితా లేదన్నది నిజం. అందువల్ల సంభావ్యతా నమూనా కుదరదనడం మాత్రం తప్పు.

దొరికినవాళ్లు ఎక్కడ దొరుకుతున్నారో చూడండి. పామర్రు వైపు ఒక ఊళ్లో కౌలుదారుల్లో ఎందరికి సాగు హక్కు కార్డు ఉందో తేల్చాలనుకుందాం. రైతు సేవా కేంద్రంలో పేర్లు అడిగితే, అక్కడికి వచ్చేపోయేవాళ్లే చిక్కుతారు. 2019 చట్టం ప్రకారం కార్డు రావాలంటే ఒప్పందం మీద భూయజమాని సంతకం ఉండాలి. ఆ సంతకం దొరకనివాడికి ఆ గడప తొక్కే పనే తక్కువ. పోనీ, ఒకరి ద్వారా ఇంకొకరిని పట్టుకుందామా? ఆయన తన పేటవాళ్లనో, తన ఆసామి దగ్గర చేసేవాళ్లనో చూపిస్తాడు. ఇలా వెయ్యిమందిని అడిగినా తప్పు తగ్గదు. తప్పు లెక్క మీద నమ్మకం పెరుగుతుంది, అంతే.

కౌలుదారుడికి జాబితా లేకపోయినా అతను దున్నే చేనుకు సర్వే నంబరుంది. పంట కోత ప్రయోగాలకు చేలను ఎంచేది సర్వే నంబర్ల మీద లాటరీ వేసే కదా! దిగుబడికి పనికొచ్చిన పద్ధతి మనిషికి ఎందుకు పనికిరాదు?

ముందు రెవెన్యూ గ్రామాల్లోంచి కొన్నిటిని లాటరీలో తీయాలి. ఒక ఊళ్లో 400 సర్వే నంబర్లుండి, 20 కావాలంటే ప్రతి ఇరవయ్యోది తీసుకోవాలి. మొదటిది చీటీలో 13 వస్తే తర్వాతవి 33, 53, 73. అడంగల్లో సాగుదారు పేరు ఉండాల్సినచోట యజమాని పేరే ఉండొచ్చు కాబట్టి దాన్ని నమ్మకూడదు. నాట్లయ్యాక గట్టు మీదికి వెళ్లి, "ఈ చేను ఎవరు చేస్తున్నారండీ?" అని పక్క చేలో వాళ్లను అడగాలి. ఆ చేను చేసేవాడు కౌలుదారుడైతే, కార్డున్నా లేకున్నా నమూనాలోకి వస్తాడు. మనిషి దొరక్కపోతే మళ్లీ వెళ్లాలి తప్ప పక్క చేనుకు మారకూడదు.

ఇందులో ఒక మెలిక ఉంది. మూడు నంబర్లలో కౌలు చేసేవాడు చీటీకి తగిలే అవకాశం ఒక్క నంబరు వాడికి మూడింతలు. అందుకని అతని జవాబును మూడో వంతుగా లెక్కించాలి. ఒకే నంబరులో ఇద్దరు కౌలుదారులుంటే ఒకరిని చీటీతో తీసి, ఆ జవాబును రెండింతలు చేయాలి. ఎన్ని నంబర్లు కౌలుకు చేస్తున్నారు, ఈ నంబరులో ఎందరు కౌలుదారులున్నారు అన్న రెండు ప్రశ్నలూ అడగని సర్వేలో పెద్ద కౌలుదారుల మాటే ఎక్కువ వినిపిస్తుంది.

కౌలు ఎలా కుదురుతుంది, సంతకానికి యజమాని ఎందుకు జంకుతాడు అన్నవి తెలుసుకోవడానికి దొరికినవాళ్లతో మాట్లాడటమే మేలు. అలా మాట్లాడి రాసిన నివేదికలో శాతాలు వేయకండి. శాతం కావాలనుకుంటే చేను గట్టెక్కండి.