పరగడుపు పరీక్ష చెప్పని మాట

ధర్మసాగర్‌లో మేము ఎరిగిన ఒక ఇంట, యాభై అయిదేళ్ల గృహిణికి చలికాలంలో ఆయాసం ఎక్కువైంది. వైద్యుడు ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ మాత్రను రోజూ ఉదయం 30 మిల్లీగ్రాముల చొప్పున ఏడు రోజులు వాడమన్నారు. నాలుగో రోజుకు ఆయాసం తగ్గింది గాని, సాయంత్రమయ్యేసరికి విపరీతమైన దాహం మొదలైంది. మరునాడు పరగడుపున రక్తపరీక్ష చేయిస్తే షుగరు 104 ఉన్నది. ఇంటిల్లిపాదీ స్థిమితపడ్డారు. దాహం తీరకపోవడంతో అదే రోజు మధ్యాహ్న భోజనమైన రెండు గంటలకు మళ్లీ పరీక్షించగా 262 తేలింది.

రెండు లెక్కలూ సరైనవే. స్టెరాయిడ్ కాలేయం చేత ఎక్కువ చక్కెరను విడుదల చేయిస్తుంది. కండరాలపై ఇన్సులిన్ పట్టును సడలిస్తుంది. ఉదయం వేసుకున్న ప్రెడ్నిసొలోన్ ప్రభావం మధ్యాహ్నం నుండి సాయంత్రం వరకు బలంగా ఉండి, రాత్రికి సన్నగిల్లుతుంది. కనుక తెల్లవారి చేసే పరీక్షలో షుగరు మామూలుగానే కనిపించవచ్చు. ఇలాంటి మాత్ర వాడేవారు మధ్యాహ్న భోజనం తరువాత గాని, రాత్రి భోజనానికి ముందు గాని పరీక్షించుకుంటేనే నిజం తెలుస్తుంది. రెండు మూడు నెలల సగటును చూపే హెచ్‌బీఏ1సీ పరీక్షలోనూ వారం రోజుల పెరుగుదల సరిగా కనబడదు. మోకాలి కీలులో వేసే స్టెరాయిడ్ ఇంజెక్షన్ కూడా, ముఖ్యంగా మధుమేహం ఉన్నవారిలో, కొన్ని రోజులపాటు షుగరును పెంచగలదు.

ఆమె ఏళ్ల తరబడి రక్తపోటుకు క్లోర్‌థాలిడోన్ మాత్ర వాడుతున్నట్లు వైద్యునికి అప్పుడే తెలిసింది. ఒంట్లోని నీటిని, ఉప్పును మూత్రం ద్వారా వెడలగొట్టే ఈ తరగతి మందులు పొటాషియాన్ని కూడా తగ్గిస్తాయి. పొటాషియం తగ్గితే ఇన్సులిన్ విడుదల మందగిస్తుంది. ఈ పెరుగుదల స్టెరాయిడ్ వల్ల వచ్చినంత హఠాత్తుగా రాదు. వారాలు, నెలల మీద కొద్దికొద్దిగా వస్తుంది. అటెనొలాల్ వంటివీ షుగరును కొంత పెంచవచ్చు. పైగా, మధుమేహానికి మందు వాడేవారిలో షుగరు పడిపోయినప్పుడు హెచ్చరించే గుండెదడను, వణుకును ఇవి కప్పిపుచ్చుతాయి. చెమట మాత్రం పడుతుంది. ఆమ్లోడిపిన్, టెల్మిసార్టాన్ వంటి మాత్రలతో సాధారణంగా ఈ చిక్కు లేదు.

262 చూసి భయపడిన కుమారుడు మాత్రలన్నీ ఆపివేద్దామన్నాడు. వైద్యుడు వారించారు. మధ్యలో మానితే ఆయాసం తిరగబెట్టవచ్చు. వారాల తరబడి వాడినవారు ఒక్కసారిగా ఆపితే ప్రాణాపాయమే కలుగవచ్చు. రక్తపోటు మాత్ర మానితే పక్షవాతం ముప్పు పెరుగుతుంది. ఆమె వైద్యుని పర్యవేక్షణలో మిగిలిన రెండు రోజులూ మాత్ర వేసుకుని, రోజూ మధ్యాహ్నం షుగరు చూపించుకున్నది. పొటాషియం తక్కువగా తేలడంతో వైద్యుడు రక్తపోటు మాత్రను మార్చారు. స్టెరాయిడ్ ముగిసిన పది రోజులకు పరగడుపున 98, భోజనం తరువాత 138 వచ్చాయి.

అంతమాత్రాన చింత తీరినట్లు కాదు. స్టెరాయిడ్‌తో షుగరు ఇంతగా పెరిగినవారికి మున్ముందు మధుమేహం వచ్చే అవకాశం ఎక్కువ. అందుకే మూడు నెలల తరువాత ఆమెను మళ్లీ రమ్మన్నారు. ఈసారి ఆమె పరీక్షకు వెళ్లేటప్పుడు తాను వాడే మాత్రల అట్టలన్నీ వెంట తీసుకువెళ్లింది. ఏ మాత్ర ఏ వేళకు వేసుకున్నదో చీటీ మీద రాయించింది.