ఆ ఒక్క బటన్ నొక్కడానికి

ఎల్లారెడ్డి నుంచి బస్సు దిగి ఆమె కామారెడ్డిలోని మా మిత్రుల సంఘం ఆఫీసుకు వచ్చేసరికి పదకొండు దాటింది. ముప్ఫయ్యేళ్లుంటాయి. పుట్టినప్పటి నుంచి సెరిబ్రల్ పాల్సీ. మాట స్పష్టంగానే వస్తుంది, చూపు బాగానే ఉంది. చేతులు మాత్రం ఆమె అనుకున్న చోట ఆగవు. బీడీలు చేసి పెంచిన తల్లి పట్టుబట్టి చదివించడం వల్ల డిగ్రీ పూర్తి చేసి, కంప్యూటర్ కూడా నేర్చుకుంది. ఎడమచేతి ఒక్క వేలితో టైపు చేస్తుంది. భర్త కొడుతున్నాడు, వికలాంగుల పింఛను డబ్బు వచ్చిన రోజే లాక్కుంటున్నాడు. ఫిర్యాదు చెయ్యాలని ఆమె అప్పటికే నిర్ణయించుకుంది.

ముందు తన ఊళ్లోనే ఇంటర్నెట్ సెంటర్‌కు వెళ్లిందట. అక్కడ కూర్చునే కుర్రవాడు భర్తకు వరసకు తమ్ముడు. "ఏం రాయాల్నో చెప్పు వదినె" అన్నాడు. రేషన్ కార్డు సంగతి అడగడానికి వచ్చానని చెప్పి బయటపడింది. ఫోన్‌లో 181కి చెప్పొచ్చు కదా అని మనలో కొందరు అడగవచ్చు. రెండు గదుల ఇంట్లో, అత్త పక్కనే ఉండగా ఆ మాటలు ఫోన్‌లో ఎలా చెబుతుంది? రాయడమే ఆమెకు అనువైన దారి. రాయడం ఆమెకు వచ్చు కూడా.

నేను కంప్యూటర్ మనిషిని కాదు. సమాజశాస్త్రం చదువుకున్నదాన్ని, ఈ ప్రాంతపు బీడీ కార్మిక స్త్రీల మీద పనిచేస్తున్నదాన్ని. ఆ రోజు ఆమె అనుమతితో పక్కన కూర్చుని, తెర వైపు చూడకుండా, ఆమె ఏ మీట ఎన్నిసార్లు నొక్కుతోందో మాత్రం రాసుకున్నాను. ఫారం ఎవరిదో ఇక్కడ అవసరం లేదు. ఇలాంటివి ఇంకా చాలా ఉన్నాయి.

మౌస్ పట్టుకోలేనివాళ్లు వెబ్ ఫారం నింపే పద్ధతి తెలియని పాఠకుల కోసం కొంచెం చెప్పాలి. ట్యాబ్ మీట నొక్కితే ఒక గడి నుంచి తరువాతి గడికి వెళతాం. షిఫ్ట్ పట్టుకుని ట్యాబ్ నొక్కితే వెనక్కి వస్తాం. టిక్కు పెట్టే గడిలో స్పేస్ నొక్కితే టిక్కు పడుతుంది, మళ్లీ నొక్కితే పోతుంది. బటన్ మీద స్పేస్ గానీ ఎంటర్ గానీ పనిచేస్తుంది, లింకు మీద ఎంటర్ మాత్రమే. స్త్రీ, పురుషుడు వంటి గుండ్రటి గుర్తుల గుంపు మొత్తానికి ట్యాబ్ ఒక్కసారే ఆగుతుంది, లోపల బాణం మీటలతో తిరగాలి. ఇంతే. ఒకేసారి రెండు మీటలు నొక్కలేని ఆమె వంటివాళ్లకు విండోస్‌లో మరో వెసులుబాటు ఉంది. షిఫ్ట్‌ను వరసగా ఐదుసార్లు నొక్కితే స్టికీ కీస్ పనిచెయ్యడం మొదలవుతుంది. అప్పటి నుంచి షిఫ్ట్ ఒకసారి నొక్కి వదిలేసి, తరువాత ట్యాబ్ నొక్కినా చాలు. ఆమె వచ్చి కూర్చోగానే చేసిన మొదటి పని అదే.

పేరు రాయాల్సిన గడికి చేరడానికి 23 ట్యాబ్‌లు పట్టాయి. పైన ఉన్న మెనూలు, ప్రకటనలు, భాష మార్చే లింకులు అన్నీ దాటుకుని రావాలి. సరిగ్గా తయారుచేసిన పేజీలో మొట్టమొదటి ట్యాబ్‌కే "అసలు విషయానికి వెళ్లండి" అనే లింకు వస్తుంది, ఎంటర్ నొక్కితే మెనూలన్నీ ఒక్క గంతులో దాటేస్తాం. ఇక్కడ అది లేదు. పైగా తను ఎక్కడుందో ఆమెకు తెలియడం లేదు. మామూలుగా ట్యాబ్ ఆగిన చోట చుట్టూ ఒక గీత కనిపిస్తుంది. అందంగా లేదని చాలామంది డిజైనర్లు దాన్ని తీసేస్తారు. అందుకని ఆమె ప్రతి చోటా ఒక అక్షరం కొట్టి, అది ఎక్కడ పడిందో వెతుక్కుని, చెరిపేసి, ముందుకు పోయింది. చీకట్లో గోడ తడుముకుంటూ నడవడం లాంటిదే ఇది.

తరువాత జిల్లాల జాబితా. 33 జిల్లాలు, ఇంగ్లీషు అక్షరక్రమంలో కామారెడ్డి తొమ్మిదోది. ఆమె కింది బాణం నొక్కింది. ఆదిలాబాద్ వచ్చింది. వచ్చీ రాగానే ఫారం ఆమె ఆదిలాబాద్‌నే ఎంచుకుందని అనుకుని, అక్కడి మండలాలు తేవడానికి పేజీ మొత్తం మళ్లీ తెరిచింది. ఆమె మళ్లీ పేజీ నెత్తికి చేరింది. మళ్లీ ట్యాబ్‌లు. మౌస్‌తో చేసేవాళ్లు జాబితా తెరిచి, కిందికి జరిపి, కావలసిన పేరు మీద ఒక్కసారే నొక్కుతారు గనుక ఈ ఇబ్బంది వాళ్లకు ఎప్పటికీ తెలియదు. రెండోసారి ఆమె బాణం వాడకుండా K అక్షరం కొట్టింది. K తో మొదలయ్యే జిల్లాల్లో కామారెడ్డే మొదటిది కావడం ఆమె అదృష్టం. అదే కరీంనగర్ ఆడమనిషి అయితే K కొట్టిన మరుక్షణం కామారెడ్డి మండలాలు వచ్చి కూర్చునేవి. ఆల్ట్, కింది బాణం కలిపి నొక్కి ముందు జాబితాను తెరిచి, పేరు దగ్గరికి వెళ్లి ఎంటర్ నొక్కితే ఈ తిప్పలు చాలావరకు తప్పుతాయని నాకు తరువాత తెలిసింది. కానీ కిటుకు తెలిసినవాళ్లే ఫిర్యాదు చేసుకోవాలా? పేరు ఎంచుకున్నాక వేరే బటన్ నొక్కితేనే మండలాలు వచ్చేలా చెయ్యడం ఫారం తయారుచేసినవాళ్ల పని.

తన కథ రాయాల్సిన పెద్ద గడిలో ఆమె చాలాసేపు ఉంది. అక్కడ ఆమెకు ఎవరి సాయమూ అవసరం పడలేదు. పైన రాసినవన్నీ నిజమని ఒప్పుకునే గడిలో స్పేస్‌తో టిక్కు పెట్టి ట్యాబ్ నొక్కింది. పేజీ అడుగున ఉన్న లింకులకు వెళ్లింది. షిఫ్ట్, ట్యాబ్. తిరిగి టిక్కు గడికే వచ్చింది. ఆ రెండింటి మధ్య "పంపండి" అన్న నీలిరంగు బటన్ కంటికి కనబడుతూనే ఉంది, ట్యాబ్ మాత్రం దాని మీద ఆగదు. పేరు గడికి వెనక్కి వెళ్లి ఎంటర్ కొట్టి చూసింది. మామూలుగా అలా చేసినా ఫారం వెళుతుంది. ఇది వెళ్లలేదు.

"అక్కా, గింత రాసిన. గా ఒక్క బటన్ నొక్కనీకి మళ్ల ఇంకొకల్లను పిలవాల్నా?" అంది.

నేనే మౌస్ పట్టుకుని నొక్కాను. నొక్కాలంటే తెర చూడాలి. చూశాను. ఆమె రాసినది, నాతో చెప్పనిది, నా కంట పడింది.

తరువాత తెలిసిన ఒక ఇంజనీరు స్నేహితురాలికి ఆ పేజీ చూపించాను. ఆ నీలిరంగు పెట్టె అసలు బటనే కాదట. బటన్‌లా రంగు వేసిన ఉత్త పెట్టె. రెండింటికీ తేడా ఒక్క వరుసే.

```html
<div class="btn" onclick="sendForm()">పంపండి</div>
<button type="submit">పంపండి</button>
```

మొదటిది మౌస్‌కు మాత్రమే పలుకుతుంది. రెండోది రాస్తే ట్యాబ్ ఆగడం, స్పేస్, ఎంటర్‌లకు పనిచెయ్యడం బ్రౌజరే చూసుకుంటుంది, విడిగా చెయ్యాల్సింది ఏమీ లేదు. పేరు గడిలో ఎంటర్ ఎందుకు పనిచెయ్యలేదో కూడా అప్పుడే అర్థమైంది. ఒకటికి మించి గళ్లున్న ఫారంలో నిజమైన బటన్ లేకపోతే ఎంటర్‌తో ఫారం వెళ్లదు. చూపు లేనివాళ్లు వాడే చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌లకు కూడా ఈ ఉత్త పెట్టె బటన్ అని తెలియదు. అక్షరాలు చదువుతాయి గానీ, ఇది బటన్ అని చెప్పవు.

ఇది దయాదాక్షిణ్యాల విషయం కాదు. వికలాంగుల హక్కుల చట్టం 2016లోని 42వ సెక్షన్ ఎలక్ట్రానిక్ రూపంలో ఉన్న సమాచారం అందరికీ అందేలా చూడమని ప్రభుత్వాలకు చెబుతోంది. వెబ్‌కు సంబంధించిన అంతర్జాతీయ ప్రమాణాల్లో మౌస్ లేకుండా అన్ని పనులూ జరగాలన్నది అడుగు మెట్టు నియమం, ఎక్కడున్నామో కనబడాలన్నది దాని పై మెట్టు నియమం. మన ప్రభుత్వ వెబ్‌సైట్ల మార్గదర్శకాలు కూడా వాటినే అనుసరిస్తాయి. రాజీవ్ రాతూరి కేసులో 2024 నవంబర్ 8న సుప్రీంకోర్టు, ఈ చట్టం కింద చేసిన 15వ నియమం ప్రమాణాలను కేవలం సలహాల స్థాయిలో వదిలేస్తోందని తప్పుపట్టి, తప్పనిసరి నియమాలు చెయ్యమంది. ఆ కేసులో కోర్టు కోరిన నివేదికను తయారుచేసింది హైదరాబాద్ నల్సార్‌లోని వైకల్య అధ్యయన కేంద్రమే. 2025 ఏప్రిల్ 30న ప్రజ్ఞా ప్రసూన్ కేసు తీర్పు వచ్చింది. యాసిడ్ దాడి నుంచి బతికి బయటపడిన ఆమెను, బ్యాంకు ఖాతా కోసం కెమెరా ముందు కళ్లు ఆర్పమన్నారు. ఆర్పలేకపోయింది. డిజిటల్ సేవలు అందుకోవడం 21వ అధికరణం కింద జీవించే హక్కులో భాగమని కోర్టు చెప్పింది. ఒక మగవాడి హింస ఆమె ముఖాన్ని గాయపరిస్తే, ఒక యంత్రం ఆ గాయం కారణంగానే ఆమెను వెనక్కి పంపింది. ఈ రెండు విషయాలనూ మన ఉద్యమాలు విడివిడిగా చూడడం ఇకనైనా మానాలి.

ఈ మాటలు రాస్తున్నాను గానీ, మన ఇల్లు మనం చూసుకున్నామా? మేం ఆమెనే పిలిచి, మా సంఘాల వెబ్‌సైట్‌లో ఉన్న శిక్షణ శిబిరం దరఖాస్తు ముందు కూర్చోబెట్టాం. మౌస్ వైరు పీకేసి, ల్యాప్‌టాప్ టచ్‌ప్యాడ్ మీద అట్టముక్క పెట్టి మేమూ ప్రయత్నించాం. పది నిమిషాల పని. ట్యాబ్ ప్రతి గడి మీదా ఆగుతోందా, ఆగిన చోటు కనబడుతోందా, చదివే క్రమంలోనే వెళుతోందా, వెళ్లిన ప్రతి చోటు నుంచీ తిరిగి రాగలుగుతున్నామా, చివర పంపగలుగుతున్నామా అన్నది చూడాలి. ఈ పరీక్షలో నెగ్గితే అంతా బాగున్నట్టు కాదు. చూపు లేనివాళ్లకు గడి పేరు వినబడుతోందా లేదా అన్నది వేరే పరీక్ష, దానికి వాళ్లే కూర్చోవాలి. ఫోన్‌లో ట్యాబ్ మీట ఉండదు గనుక ఫోన్‌లోనూ విడిగా చూడాలి.

మా ఫారం పుట్టిన తేదీ దగ్గర ఓడిపోయింది. అక్కడ తేదీ టైపు చెయ్యనివ్వదు, క్యాలెండర్ బొమ్మ మీద మౌస్‌తో నొక్కితేనే తెరుచుకుంటుంది. అది కూడా ఈ నెల నుంచి మొదలై ఒక్కో నెలా వెనక్కి పోవాలి. ముప్ఫయ్యేళ్ల మనిషికి 360 నొక్కులు. దాన్ని తీసేసి రోజు, నెల, సంవత్సరం టైపు చేసే మూడు మామూలు గళ్లు పెట్టాం. కనబడకుండా తీసేసిన గీతను తిరిగి పెట్టాం. మా డిజైనర్‌కు అది నచ్చలేదు.

పోయిన వారం ఎల్లారెడ్డి నుంచి ఒక దరఖాస్తు వచ్చింది. ఆమె ఎవరినీ పిలవకుండా పంపుకుంది.