నొప్పల్లా మొలలు కాదు

మలద్వారం దగ్గర ఏ బాధ వచ్చినా మనవాళ్లు దాన్ని మొలలనే అంటారు. ఆ మాట అనుకున్నాక ఇక డాక్టరుకు చూపించరు. మెడికల్ షాపులో గొంతు తగ్గించి ట్యూబు అడుగుతారు. ఇచ్చేవాడూ ఏమీ అడగడు. ఈ మొహమాటంలో పోయే నాలుగు రోజుల్లో చీముగడ్డ పెరిగిపోతుంది.

ఒక సర్జన్ దగ్గరికి తరచూ వచ్చే కేసు ఇలా ఉంటుంది. నలభై దాటిన ఆటో డ్రైవరు, షుగరు ఉంది. సోమవారం మలద్వారం పక్కన చిన్న గట్టి వాపు తగిలింది. ట్యూబు రాశాడు, వేడినీళ్ల టబ్బులో కూర్చున్నాడు. బుధవారానికి సలుపు మొదలైంది. సీటు మీద ఒక పక్కకు ఒరిగి బండి నడిపాడు. దగ్గినా ప్రాణం పోయినంత పనవుతోంది. ఆ రాత్రి చలిజ్వరం.

మొలల తీరు ఇది కాదు. లోపలి మొలలకు సాధారణంగా నొప్పి ఉండదు, విరేచనమప్పుడు ఎర్రటి రక్తం పడుతుంది. బయటి మొలలో రక్తం గడ్డకడితే నొప్పి తీవ్రంగానే ఉంటుంది, కానీ జ్వరం రాదు. రాత్రీ పగలూ ఆగకుండా సలుపు, దానికి తోడు జ్వరం ఉంటే చీము పట్టిందని అనుమానించాలి. గడ్డ లోతుగా ఉంటే బయట వాపు కనిపించకపోవచ్చు కూడా.

మలద్వారం లోపలి చిన్న గ్రంథి మూసుకుపోయి, అందులో పుట్టిన చీము కండరాల మధ్య నుంచి చర్మం వైపు దారి చేసుకుంటుంది. కాబట్టి యాంటీబయాటిక్స్ ఒక్కటే చాలవు, కోసి చీము తీయాలి. మన డ్రైవరు మాత్రలు మింగాడు. జ్వరం తగ్గింది, గడ్డ తనంతట తానే పగిలింది, హాయిగా ఉంది. బతికిపోయాననుకున్నాడు.

రెండు నెలల తర్వాత లోదుస్తుల మీద పసుపు మరక. మొటిమంత రంధ్రం మూసుకుంటే నొప్పి, తెరుచుకుంటే చీము. అదే ఫిస్టులా, మనవాళ్లు భగందరం అనేది. సరిగ్గా కోసి తీసినా కొందరికి ఇది వస్తుంది. లోపలి గ్రంథి దగ్గర మొదలైన ఆ దారి మిగిలిపోతే ట్యూబులతో మానదు. దారి ఎంత కండరాన్ని దాటిందో చూసి, అవసరమైతే ఎమ్మారై తీసి, సర్జన్ పద్ధతి ఎంచుకుంటారు. తెలియక కోస్తే విరేచనాన్ని ఆపుకునే పట్టు పోవచ్చు. గోడల మీద ‘ఆపరేషన్ లేకుండా గ్యారంటీ’ అని రాసుకునేవాళ్లు ఈ సంగతి చెప్పరు.

నా మాట ఒక్కటే: చూడకుండా మొలలని ఎవరూ తేల్చకూడదు, రోగి అయినా, షాపువాడైనా. సలుపూ జ్వరమూ కలిస్తే అదే రోజు సర్జన్‌కు చూపించాలి. షుగరున్నవారికి చర్మం నల్లబడినా, నొప్పి వృషణాల వైపు పాకినా తెల్లవారేదాకా కూడా ఆగకూడదు. గడ్డ తీయించుకున్నాక ఆరు వారాలు దాటినా చెమ్మ ఊరుతుంటే మళ్లీ వెళ్లాలి.