నీరు కారే కన్ను ఆగుతుంది, తెల్లబడిన కంటిపాప ఆగదు

మా ఊళ్లో ఒకే వీధిలో, ఒకే నెలలో ఇద్దరు మగపిల్లలు పుట్టారు. ఇద్దరికీ కంటి దోషమే. ఒకడికి కన్ను పూర్తిగా బాగయింది. రెండోవాడికి ఆ కంటి చూపు ఇక ఎప్పటికీ మసకే. బాగయినవాడి కోసం ఇంటిల్లిపాదీ నానా హైరానా పడ్డారు. చూపు పోయినవాడి విషయంలో నెలల తరబడి ఎవరూ కంగారు పడలేదు. ఏ కంటికి ఓపిక పట్టాలో, ఏ కంటికి పరుగెత్తాలో తెలియకపోవడం వల్లే ఇలా జరిగింది. ఇది మా ఒక్క ఊరి సంగతి కాదు. మన శ్రీకాకుళం జిల్లాలో ఏ ఊళ్లోనైనా జరిగేదే. అందుకే రాస్తున్నాను.

మొదటి బిడ్డకు పదో రోజు నుంచి కుడి కంట నీరు కారింది. తెల్లవారేసరికి పుసులతో రెప్పలు అతుక్కుపోయేవి. ఇంట్లో పెద్దవాళ్లు చనుబాలు పిండారు. నందివర్ధనం పూల రసం వేశారు. కాటుక పెట్టారు. తగ్గకపోయేసరికి మందుల షాపులో అడిగి రెండు నెలల్లో మూడు రకాల చుక్కలు వేశారు. చివరికి టౌనుకు తీసుకెళ్తే కంటి డాక్టరు చూసి, కాటుక మానమని చెప్పి, వేలితో ఎలా నిమరాలో తల్లికి చూపించి పంపేశారు. ఎనిమిదో నెలకు నీరు ఆగిపోయింది.

రెండో బిడ్డకు నీరు లేదు, ఎరుపు లేదు, పుసి లేదు. మూడో వారంలో ఒక సాయంత్రం పిల్లవాణ్ని ఒళ్లో వేసుకున్న మామ్మకు ఎడమ కంటిపాప లోపల తెల్లగా ముత్యంలా కనిపించింది. "గుంటడిది పిల్లి కన్ను, అదృష్టవంతుడవుతాడు" అంది. అందరూ నవ్వుకున్నారు. నెలన్నరకు టీకా వేయించారు. అక్కడా ఎవరూ కంటి వంక చూడలేదు. ఐదో నెలలో ఆ కన్ను మెల్ల తిరిగింది. అప్పుడు విశాఖ తీసుకెళ్లారు. పుట్టుకతో వచ్చిన శుక్లం అని తేలింది. ఆ వారంలోనే ఆపరేషను చేశారు.

ఆపరేషను బాగా జరిగింది. అయినా చూపు రాలేదు. డాక్టరు చెప్పిన మాట తండ్రి నాతో చెప్పాడు: "శుక్లం తీసేశాం, కన్ను శుభ్రంగా ఉంది. కానీ ఈ కంటితో చూడడం మెదడు నేర్చుకోలేదు."

ఈ మాట అందరూ అర్థం చేసుకోవాలి. పెద్దవాళ్లకు శుక్లం వస్తే ఆరు నెలలు ఆగి తీయించుకున్నా చూపు తిరిగి వస్తుంది. వాళ్ల మెదడు చూడడం ఎప్పుడో నేర్చుకుని ఉంది. పసిబిడ్డ సంగతి వేరు. పుట్టిన తర్వాత తొలి వారాల్లో కంట పడే వెలుగును బట్టే మెదడు చూపు నేర్చుకుంటుంది. ఆ సమయంలో ఒక కంటికి తెర అడ్డం ఉంటే మెదడు రెండో కంటినే నమ్ముకుని, మూసుకున్న కంటిని వదిలేస్తుంది. ఆ తర్వాత తెర తీసినా ఉపయోగం తక్కువ. అందుకే ఒక కంటికే శుక్లం ఉంటే ఆరు వారాల లోపు, రెండు కళ్లకూ ఉంటే ఎనిమిది వారాల లోపు ఆపరేషను కావాలని కంటి వైద్యులు చెబుతారు. ఆ పిల్లవాడికి ఇప్పుడు రెండున్నర ఏళ్లు. దళసరి కళ్లద్దాలు పెట్టుకుని, మంచి కంటికి రోజూ కొన్ని గంటలు పట్టీ వేయించుకుని, ఆ బలహీనమైన కంటితో చూడడం నేర్చుకుంటున్నాడు. పట్టీ వేసినప్పుడల్లా ఏడుస్తాడు.

తెల్లదనానికి శుక్లం ఒక్కటే కారణం కాదు. కంటి లోపలి పొరలో పుట్టే క్యాన్సరు కూడా మొదట ఇలాగే తెల్లటి మెరుపుగా కనిపిస్తుంది. ఇది 15 వేల నుంచి 18 వేల మంది పిల్లల్లో ఒకరికి వస్తుంది. కంటి లోపల ఉండగానే పట్టుకుంటే ప్రాణం దక్కుతుంది. చాలామందికి కన్ను కూడా దక్కుతుంది. నరం వెంట మెదడుకు పాకితే ప్రాణానికే ముప్పు. పుట్టినప్పుడు బాగున్న కంట్లో ఏడాదికో రెండేళ్లకో తెలుపు కనిపించినా అదే తొందర అవసరం. పిల్లి కన్ను అదృష్టమనే మాట మన ఊళ్లలో ఇకనైనా ఆగాలి.

ఇంట్లో చూడడం ఎలా?

మామూలు వెలుతురులో బిడ్డ కంటిపాప నల్లగా ఉండాలి. అందులో తెలుపు గాని బూడిద రంగు గాని కనిపిస్తే దోషమే. తెల్లటి మెరుపు మసక వెలుతురులో బాగా తెలుస్తుంది, ఎందుకంటే అప్పుడు కంటిపాప పెద్దదవుతుంది. ఫోనుతో ఫ్లాష్ వేసి ఎదురుగా ఫొటో తీసినప్పుడు కూడా ఒక్కోసారి బయటపడుతుంది. ఒక కన్ను ఎర్రగా, రెండోది తెల్లగా వస్తే ఆ ఫొటో చెరిపేయకుండా డాక్టరుకు చూపించండి. ఫ్లాష్ పక్కనుంచి పడితే మంచి కన్ను కూడా ఒక్కోసారి తెల్లగా రావచ్చు. ఆ సంగతి తేల్చవలసింది డాక్టరే గాని మనం కాదు. అలాగే ఫొటో బాగా వచ్చింది గదా అని కన్ను బాగున్నట్టే అనుకోకూడదు.

నీరు కారే కంటి సంగతి

కన్నీరు కంటి లోపలి మూల నుంచి సన్నటి నాళం గుండా ముక్కులోకి దిగుతుంది. కొందరు పిల్లలకు పుట్టేనాటికి ఆ నాళం చివర ఉన్న పల్చటి పొర తెరుచుకోదు. నీరు దిగే దారి లేక చెంప మీదికి కారుతుంది. ఇలాంటి పిల్లలు పదిమందిలో తొమ్మిదిమందికి ఏడాది తిరిగేలోగా పొర దానంతట అదే విడిపోతుంది.

తల్లి చేయవలసింది ఇంతే. గోళ్లు తీసుకుని చేతులు సబ్బుతో కడుక్కోవాలి. ముక్కుకు ఆనుకుని ఉండే కంటి మూల మీద వేలు ఆనించి, కాస్త గట్టిగా నొక్కుతూ ముక్కు పక్కగా కిందికి జరపాలి. ఒక్కోసారికి ఐదు నుంచి పదిసార్లు, రోజుకు మూడు నాలుగు పర్యాయాలు చేయాలి. మెత్తగా నిమిరితే లాభం లేదు. ఆ నొక్కుడుకు లోపలి నీరు దిగి పొరను తోయాలి. పైకి వచ్చిన పుసిని కాచి చల్లార్చిన నీళ్లలో తడిపిన దూదితో తుడవాలి. ఎలా నొక్కాలో ఒకసారి డాక్టరు దగ్గర చూసి నేర్చుకోవడం మంచిది. చుక్కల మందు వారు చెబితేనే వాడాలి. చనుబాలు, ఆకు పసర్లు, కాటుక కంటికి మేలు చేయవు, వేలి మురికిని లోపలికి చేరుస్తాయి. ఏడాది దాటినా నీరు ఆగకపోతే డాక్టరు మత్తు ఇచ్చి సన్నటి తీగతో దారి తెరుస్తారు.

అయితే నీరు కారే ప్రతి కన్నూ ఆగదు. పుట్టిన మొదటి నెలలో, అందులోనూ మొదటి వారంలో, రెప్పలు వాచి చీము ధారగా వస్తుంటే అది ప్రసవ సమయంలో తల్లి నుంచి సోకిన జబ్బు కావచ్చు. కొన్ని రకాలైతే ఒకటి రెండు రోజుల్లోనే నల్లగుడ్డును తొలిచేస్తాయి. ఆ రోజే ఆస్పత్రికి వెళ్లాలి. కంటి మూల కింద పుట్టుకతోనే నీలిరంగు బుడిపె ఉన్నా, ఆ చోట ఎర్రగా వాచి బిడ్డకు జ్వరం వచ్చినా ఆగరాదు. ఆ వాపును నొక్కరాదు.

ఇంకొకటి అన్నిటికన్నా మోసకారి. నీరు కారడంతో పాటు బిడ్డ వెలుతురు చూడలేక కళ్లు గట్టిగా మూసుకోవడం, నల్లగుడ్డు మామూలు కన్నా పెద్దదిగా ఉండడం, దాని మీద పొగమంచులా మసక కమ్మడం. ఇది పుట్టు నీటికాసులు. కంటి లోపల ఒత్తిడి పెరిగి కన్నే ఉబ్బుతుంది. చుట్టాలు చూసి "ఎంత పెద్ద కళ్లో" అని మురిసిపోతారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో జరిగిన ఒక పరిశీలనలో సుమారు 3,300 మంది శిశువుల్లో ఒకరికి ఇది ఉన్నట్టు తేలింది. మేనరికాలు జరిగే కుటుంబాల్లో ఎక్కువ. దీనికి ఆపరేషనే మందు. ఆలస్యమయ్యే కొద్దీ కంటి నరం చచ్చిపోతుంది. నాళం మూసుకున్న కంటికీ దీనికీ ఒక తేడా గమనించవచ్చు. నాళం మూసుకుంటే ఆ పక్క ముక్కు పొడిగా ఉంటుంది. నీటికాసులైతే దారి తెరిచే ఉంటుంది గనుక కంటితో పాటు ముక్కు కూడా కారుతుంది.

ఒక్క నిమిషం పని

ఇక ఆస్పత్రుల సంగతి. రెండో బిడ్డ పుట్టిన ఆస్పత్రిలో ఇంటికి పంపే ముందు బరువు తూచారు, టీకా వేశారు, కాగితం ఇచ్చారు. కళ్లలోకి లైటు వేసి చూడలేదు. ఆ పరీక్షకు గది మసక చేసి, కంటి పరీక్ష చేసే చేతి లైటును మూర దూరం నుంచి రెండు కళ్ల మీదా వేసి చూస్తారు. రెండు కంటిపాపలూ ఒకే తీరున ఎర్రగా వెలగాలి. ఒకటి తెల్లగా ఉన్నా, వెలగకపోయినా, రెండింటికీ తేడా ఉన్నా కంటి డాక్టరుకు పంపాలి. ఒక్క నిమిషం పని. కాన్పుల వార్డులో నర్సులకు ఊపిరాడదని, బిడ్డ కళ్లు తెరవదని అంటారు. నిజమే. కానీ బిడ్డను నిలువుగా ఎత్తుకుంటే చాలావరకు కళ్లు తానే తెరుస్తుంది.

2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమంలో పుట్టుకతో వచ్చే శుక్లాన్ని గుర్తించవలసిన లోపాల జాబితాలో చేర్చారు. ఆస్పత్రిలో పుట్టిన బిడ్డను ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఇంటికి వచ్చి చూడాలన్న నియమమూ ఉంది. 42వ రోజంటే ఆరు వారాలు. ఒక కంటి శుక్లానికి గడువు ఆ రోజుతో తీరిపోతుంది. కాబట్టి ఆఖరి రాకలో కన్ను చూస్తే కుదరదు. మూడో రోజు, ఏడో రోజు రాకల్లోనే చూడాలి. కాన్పు కాగితం మీద బరువు పక్కన "కంటి వెలుగు చూశారా" అని ఒక గడి పెట్టి, చూసినవారు సంతకం చేసేలా జిల్లా వైద్యాధికారులు ఆదేశించాలి. నెలలు నిండకుండా, 34 వారాల లోపు గాని రెండు కిలోల లోపు బరువుతో గాని పుట్టిన పిల్లలకు ఈ లైటు పరీక్ష చాలదు. ముప్పై రోజుల లోపు కంటి లోపలి నరపు పొరను నిపుణులు చూడాలి.

తల్లిదండ్రులు కూడా అడగడం నేర్చుకోవాలి. ఇంటికి బయలుదేరే ముందు "బిడ్డ కళ్లలోకి లైటు వేసి చూశారా అమ్మా" అని నర్సును అడగండి. కంటిపాపలో తెలుపు కనిపిస్తే మంచి రోజు కోసం, కోతలు అయ్యేదాకా, పురుడు తీరేదాకా ఆగవద్దు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో చీటీ రాయించుకుని జిల్లా కేంద్రంలోని పెద్దాసుపత్రికి గాని, విశాఖలోని ప్రభుత్వ ప్రాంతీయ కంటి ఆస్పత్రికి గాని ఆ వారంలోనే చేరండి. మా వీధి పిల్లవాడి మామ్మ మూడో వారంలోనే ఆ తెలుపు చూసింది. అప్పటికింకా మూడు వారాల గడువు ఉంది.