మాల వేసుకునే ముందు ఆస్పత్రి

మా నెల్లూరు జిల్లా ఆడవాళ్లకు సారా మాట వస్తే దూబగుంట గుర్తొస్తుంది. 1992లో అక్కడి ఆడవాళ్లు సారా అంగడి మూయించారంటే ఇప్పటికీ గర్వంగానే ఉంటుంది. కానీ అంగడి మూయడం వేరు, పదేళ్లుగా తాగుతున్న మనిషి ఒంట్లోంచి మందు ఠక్కున లాగేయడం వేరు. ఈ తేడా నాకు మా చెల్లెలి ఇంట్లో తెలిసొచ్చింది.

వాళ్లది కావలి దగ్గర సముద్రపు ఒడ్డున ఊరు. మా మరిది వేటకు పోతాడు. రోజుకు మూడు క్వార్టర్లు తాగేవాడు. పొద్దున్నే ఒక గుక్క పడకపోతే చేతులు వణికేవి. కార్తీకంలో ఒక మంగళవారం రాత్రి చివరిసారి తాగి, బుధవారం తెల్లారి అయ్యప్ప మాల వేసుకున్నాడు. చెల్లెలు సంతోషంతో ఫోన్ చేసింది. నేనూ సంతోషపడ్డాను.

ఆ పొద్దున్నే కాఫీ గ్లాసు తొణికింది. ఒళ్లంతా చెమట, వాంతులు, రాత్రంతా నిద్ర లేదు. "రెండ్రోజులు ఓర్చుకుంటే పోతుందిలే" అన్నారు అందరూ. గురువారం గోడ మీద చీమలు పాకుతున్నాయన్నాడు. ఆ సాయంత్రం ఫిట్స్ వచ్చాయి. చేతిలో తాళాలు పెట్టారు. ఊళ్లో వైద్యం చేసే ఆయన గ్లూకోజు ఎక్కించాడు. శుక్రవారానికి ఒళ్లు కాలిపోతోంది, పెళ్లాన్ని గుర్తుపట్టడం లేదు. మంచం మీద కూర్చుని లేని వలను రెండు చేతులా లాగుతున్నాడు. దీక్షలో ఏదో అపచారం జరిగిందన్నారు కొందరు, గాలి సోకిందన్నారు ఇంకొందరు.

రెండూ కాదు. నెల్లూరులో డాక్టరు దాన్ని డెలీరియం ట్రెమెన్స్ అన్నారు. చివరి గుక్క పడ్డాక ఆరేడు గంటలకు వణుకు, చెమట మొదలవుతాయి. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండో రోజు నుంచి నాలుగో రోజు లోపల మతి తప్పి, జ్వరం, గుండెదడ పెరిగే ఈ స్థితి రావచ్చు. అందరికీ రాదు. వచ్చినవాళ్లకు వైద్యం అందకపోతే ప్రాణం పోవచ్చు.

కారణం ఆయన చెప్పింది నాకు ఇలా అర్థమైంది. మందు మెదడును మందగింపజేస్తుంది. రోజూ తాగితే మెదడు దానికి ఎదురుగా తాడు లాగుతూ తన జోరు పెంచుకుంటుంది. ఒకవైపు వాళ్లు తాడు ఒక్కసారిగా వదిలేస్తే రెండోవైపు వాళ్లు వెనక్కి విరుచుకు పడతారు కదా, అదే జరుగుతుంది. అందుకే ఆస్పత్రిలో ఆ తాడును మెల్లగా వదులుతారు. డయాజిపామ్, లోరాజిపామ్ లాంటి మందులు ఇచ్చి, ఓ వారం రోజుల్లో మోతాదు తగ్గిస్తూ మానిపిస్తారు. అవి మెడికల్ షాపులో మనమే కొని వేసేవి కావు. మందుతో కలిస్తే ఊపిరి ఆగిపోవచ్చు.

గ్లూకోజు సంగతి కూడా అప్పుడే తెలిసింది. ఎప్పుడూ తాగేవాళ్ల ఒంట్లో బి1 విటమిన్, అంటే థయమిన్, తక్కువగా ఉంటుంది. అది ఇవ్వకుండా ఒట్టి గ్లూకోజు ఎక్కిస్తే మెదడు దెబ్బతినే ప్రమాదం ఉంది. ఆస్పత్రిలో ముందు థయమిన్ ఇంజెక్షన్ ఇచ్చారు.

అందుకే నా మాట ఒకటే. రోజూ ఎక్కువగా తాగేవాడు, పొద్దున్నే తాగందే చెయ్యి నిలవనివాడు, ఇంతకుముందు మానినప్పుడు ఫిట్స్ వచ్చినవాడు, లివర్ జబ్బున్నవాడు మానతానంటే ఒట్టు వేయించుకోవడానికి ముందే డాక్టరుకు చూపించాలి. అప్పటిదాకా ఉన్నపళంగా ఆపించొద్దు. లక్షణాలు తక్కువగా ఉండేవాళ్లకు డాక్టరు ఇంట్లోనే ఉంచి మందులివ్వచ్చు. పైన చెప్పినవాళ్లకు ఆస్పత్రిలో ఉండాల్సి రావచ్చు. ఎక్కడికి పోవాలో తెలియకపోతే 14446కి గానీ, టెలీ మానస్ 14416కి గానీ ఫోన్ చేసి అడగండి.

మానేశాక ఫిట్స్ వచ్చినా, లేనివి కనపడినా, మాట తికమకపడినా, జ్వరం వచ్చినా, వాంతులు ఆగకపోయినా తెల్లారేదాకా చూడొద్దు, 108కి చేయండి. ఫిట్స్ వచ్చినప్పుడు పక్కకు తిప్పి పడుకోబెట్టండి. నోట్లో ఏమీ పెట్టొద్దు, తాళాలతో పనిలేదు.

మా మరిది తొమ్మిది రోజులకు ఇంటికొచ్చాడు. "వదినా, మాల తీసేశారే" అని బాధపడ్డాడు. మరుసటి ఏడు మళ్లీ వేసుకున్నాడు. మానడం ఆస్పత్రిలో అయింది, మానినదాన్ని నిలుపుకోవడానికి దీక్ష పనికొచ్చింది. ఆ వరస తిరగబడితే ఏమవుతుందో మా చెల్లెలు చూసింది.