96 శాతం ఎవరి లెక్క?

బ్రిటన్‌లో ఆన్‌లైన్ స్లాట్ ఆట వివరాలు తెరిస్తే ఆర్టీపీ అనే అంకె కనిపిస్తుంది. ఒడ్డిన సొమ్ములో ఎంత శాతం ఆటగాళ్లకు తిరిగి వస్తుందో చెప్పే సగటు అది. 96 శాతం అని ఉంటే, వంద పౌండ్లతో కూర్చున్నవాడు తనకు పోయేది నాలుగు పౌండ్లేనని లెక్క వేసుకుంటాడు. ఆ లెక్క మొదట్లోనే తప్పుతుంది.

శాతం జేబులోని డబ్బు మీద కాదు, మొత్తం పందేల మీద. గెలిచింది మళ్లీ ఒడ్డుతూ పౌండు చొప్పున 500 సార్లు తిప్పితే పందేల మొత్తం 500 పౌండ్లవుతుంది. అందులో నాలుగు శాతమంటే 20 పౌండ్లు, అంటే తెచ్చుకున్నదాంట్లో అయిదో వంతు. అక్కడ 2021 నుంచి ఒక్కో ఆటకు కనీసం రెండున్నర సెకన్లు పట్టాలన్న నిబంధన ఉంది. అయినా 500 ఆటలు 21 నిమిషాల్లో ముగిసిపోగలవు.

ఆ 20 పౌండ్లు కూడా సగటే. సగటు ఎక్కడి నుంచి వస్తుందో చూడటానికి ఒక ఊహా ఆటను తీసుకుందాం. పందేనికి 3,000 రెట్లు ఇచ్చే పెద్ద బహుమతి 50,000 ఆటలకు సగటున ఒకసారి తగులుతుంది. 3,000ను 50,000తో భాగిస్తే ఆరు శాతం. అంటే 96లో ఆరు ఆ ఒక్క బహుమతిదే, చిన్నాచితకా గెలుపుల వాటా 90. మన ఆటగాడి 500 ఆటల్లో ఆ బహుమతి తగిలే అవకాశం నూటికి ఒకటి. మిగతా 99 సార్లు అతని చేతిలో ఉన్నది నిజానికి 90 శాతం ఆటే. సగటు నష్టం 20 కాదు, 50 పౌండ్లు. అందులోనూ ఒకరు లాభంతో లేవచ్చు, మరొకరు 500 ఆటలు పూర్తికాకముందే ఖాళీ కావచ్చు.

ఇదే ఆట పది లక్షల సార్లు నడిస్తే పెద్ద బహుమతి సుమారు 20 సార్లు తగులుతుంది. అప్పుడు తిరిగి వచ్చిన శాతం సాధారణంగా 96కు ఒకటిన్నర శాతం అటూ ఇటూగా ఉంటుంది. అన్ని ఆటలు నడిపేది నిర్వాహకుడు. కాబట్టి ఆ అంకె అతని ఖాతాకు సరిపోతుంది, ఒక సాయంత్రం ఆడినవాడికి సరిపోదు.

ఇంతసేపు పోయింది గనుక ఇక యంత్రం ఇచ్చి తీరాలన్న ఆశ మరీ ప్రమాదకరం. ప్రతి ఆట ఫలితం యాదృచ్ఛిక సంఖ్యతో కొత్తగా తేలుతుంది. ముందటి ఓటములు దానికి గుర్తుండవు. దీర్ఘకాలంలో శాతం సర్దుకునేది పాత నష్టం పూడి కాదు, లక్షల ఆటల మధ్య అది లెక్కలోకి రానంత చిన్నదైపోయి.

అందుకే ఆర్టీపీని ఒంటరిగా చూపడం చాలదని నా వాదన. అందులో పెద్ద బహుమతి వాటా ఎంత, 500 ఆటల్లో అది తగిలే అవకాశమెంత అన్నవి కూడా పక్కనే, అంతే పెద్ద అక్షరాల్లో ఉండాలి. ఆట తయారుచేసినవారి దగ్గర ఈ లెక్క ఉంటుంది. అది లేకుండా ఆర్టీపీని కట్టలేరు.